దూరం భారం ఆడేవాళ్ల చేతి మీద వేయకండి: ఫైటింగ్ గేమ్ తయారీదారులకు బహిరంగ లేఖ

ఫైటింగ్ గేమ్‌లు తయారుచేసే, విడుదల చేసే సంస్థల నిర్వాహకులకు, అక్కడ పనిచేసే ప్రోగ్రామర్లకు,

నమస్కారం. మీరు చేసే గేమ్‌లంటే మాకు ప్రాణం. అందుకే ఈ లేఖ.

కొంతకాలంగా మేం ఆడుతున్న ఒక గేమ్‌లో ఆన్‌లైన్ మ్యాచ్ మొదలవగానే బటన్లు బరువెక్కుతున్నాయి. ప్రాక్టీస్ మోడ్‌లో కళ్లు మూసుకుని కొట్టే కాంబో ఆన్‌లైన్‌లో సగంలో తెగిపోతోంది. మ్యాచ్ మధ్యలో బొమ్మ ఆగి, మళ్లీ కదులుతోంది. వీడియోలు తీసి పంపాం, సపోర్ట్ విభాగానికి రాశాం. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒక్కటే: మీ ఇంటర్నెట్ చూసుకోండి, రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. చేశాం. వైర్ కనెక్షన్ కూడా పెట్టుకున్నాం. అదే కనెక్షన్ మీద, అంతే దూరంలో ఉన్న అదే ప్రత్యర్థితో రోల్‌బ్యాక్ అనే పద్ధతి ఉన్న వేరే గేమ్ ఆడితే ఈ ఇబ్బంది దాదాపు కనిపించడం లేదు. కాబట్టి లోపం మా ఇంటి వైరులో లేదని, ఆ గేమ్ వాడుతున్న డిలే పద్ధతి నెట్‌కోడ్‌లో, అంటే ఇద్దరి మెషిన్లనూ ఆన్‌లైన్‌లో కలిపి నడిపే కోడ్‌లో ఉందని మాకు అర్థమైంది. ఆ మాట విడమరిచి చెప్పడానికే ఇది బహిరంగంగా రాస్తున్నాను. ఈ రెండు పద్ధతుల తేడా తెలియక తమ చేతుల్నే తప్పుపట్టుకునే ప్లేయర్లు చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలి.

ముందు అందరికీ సమానమైన విషయం. ఫైటింగ్ గేమ్ సాధారణంగా సెకనుకు 60 ఫ్రేమ్‌ల లెక్కన నడుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆన్‌లైన్‌లో ఇద్దరి మెషిన్లూ విడివిడిగా అదే గేమ్‌ను నడుపుకుంటాయి. వాటి మధ్య వెళ్లేది బొమ్మలు కావు, ఏ ఫ్రేమ్‌లో ఏ బటన్ నొక్కారన్న సమాచారం మాత్రమే. అది నాలుగైదు అక్షరాలంత చిన్నది. ఇద్దరి బటన్లూ ఒకటే, మొదలుపెట్టిన స్థితీ ఒకటే అయితే రెండు చోట్లా ఫలితం ఒకటే రావాలి. అసలు చిక్కు, ప్రత్యర్థి బటన్ సమాచారం చేరడానికి పట్టే టైమ్. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ఎంత ఖరీదైన కనెక్షన్ తీసుకున్నా అంతకంటే వేగం రాదు.

ఈ ఆలస్యాన్ని ఎవరూ తీసేయలేరు, రోల్‌బ్యాక్ కూడా తీసేయదు. రోల్‌బ్యాక్ పెడితే ల్యాగ్ మాయమవుతుందని కొందరు ప్రచారం చేస్తుంటారు. అది నిజం కాదు, మేం ఆ మాట అనడం లేదు. ఆలస్యం ఎవరి నెత్తిన పడాలన్నదే రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడా.

ఒక మ్యాచ్ తీసుకుందాం. ఇద్దరి మధ్య పింగ్ 100 మిల్లీసెకన్లు. పింగ్ అంటే పోయి రావడానికి పట్టే టైమ్ కాబట్టి ఒకవైపుకు 50, అంటే 3 ఫ్రేమ్‌లు. మొదటి ప్లేయర్ 100వ ఫ్రేమ్‌లో ఓవర్‌హెడ్ దెబ్బకు బటన్ నొక్కాడు. ఇది మొదలైన 22 ఫ్రేమ్‌లకు తగులుతుందనుకోండి. కూర్చుని బ్లాక్ చేస్తున్న రెండో ప్లేయర్ దాన్ని చూసి, లేచి నిలబడి బ్లాక్ చేయాలి. ఆఫ్‌లైన్‌లో అతనికి 22 ఫ్రేమ్‌ల టైమ్ ఉంటుంది.

డిలే పద్ధతిలో గేమ్ 3 ఫ్రేమ్‌ల ప్రయాణానికి ఒక ఫ్రేమ్ జాగ్రత్త కలిపి, ఇద్దరి బటన్లనూ 4 ఫ్రేమ్‌లు ఆలస్యం చేస్తుంది. 100లో నొక్కిన బటన్ రెండు మెషిన్లలోనూ 104లో మొదలవుతుంది. దెబ్బ 126లో తగులుతుంది. రెండో ప్లేయర్ మొత్తం 22 ఫ్రేమ్‌లూ చూస్తాడు కానీ, అతని బ్లాక్ కూడా 4 ఫ్రేమ్‌లు ఆలస్యంగానే పనిచేస్తుంది కాబట్టి చేతిలో మిగిలేది 18.

రోల్‌బ్యాక్‌లో మొదటి ప్లేయర్ బటన్ అతని మెషిన్‌లో 100లోనే మొదలవుతుంది. రెండో ప్లేయర్ మెషిన్‌కు ఆ కబురు 103లో అందుతుంది. అప్పటిదాకా ఆ మెషిన్ ఖాళీగా కూర్చోదు. ఎదుటివాడు ముందు ఫ్రేమ్‌లో ఏం పట్టుకుని ఉన్నాడో ఇప్పుడూ అదే పట్టుకుని ఉన్నాడని ఊహించి ముందుకు నడుస్తుంది. కబురు అందగానే ఊహ తప్పని తెలుస్తుంది. వెంటనే 100వ ఫ్రేమ్ దగ్గర దాచుకున్న స్థితికి వెనక్కి వెళ్లి, అసలు బటన్‌తో 100, 101, 102 మళ్లీ లెక్కకట్టి, 103 బొమ్మ చూపిస్తుంది. ఇదంతా ఒక్క ఫ్రేమ్ టైమ్‌లోనే జరిగిపోవాలి. రెండో ప్లేయర్‌కు ఓవర్‌హెడ్ మొదటి మూడు ఫ్రేమ్‌లు కనిపించవు, నాలుగో ఫ్రేమ్ నుంచి కనిపిస్తుంది. దెబ్బ 122లో తగులుతుంది. మిగిలిన టైమ్ 19 ఫ్రేమ్‌లు. అతని బ్లాక్ మాత్రం నొక్కిన వెంటనే పనిచేస్తుంది.

18, 19. చూశారుగా, స్పందించే టైమ్‌లో పెద్ద తేడా లేదు. మరి ఇంత గొడవ ఎందుకని మీ మేనేజర్లు అడుగుతారు. అక్కడే అసలు విషయం ఉంది. డిలే పద్ధతిలో ఆ నాలుగు ఫ్రేమ్‌లు ప్రతి బటన్ మీదా పడతాయి: నడక, జంప్, దెబ్బ, కాంబో, అన్నిటి మీదా. పైగా ఆ నాలుగు నాలుగుగా నిలవదు. రోల్‌బ్యాక్‌లో ఎదుటివాడు కొత్తగా ఏదైనా మొదలుపెట్టినప్పుడు మాత్రమే ఖర్చు పడుతుంది, అదీ అతని బొమ్మలో మొదటి రెండు మూడు ఫ్రేమ్‌లు ఎగిరిపోవడం రూపంలో. మన చేయి మనకు వదిలేస్తుంది.

ఊహ అంటే భయపడాల్సిందేమీ లేదు. మనిషి సెకనుకు 60 సార్లు బటన్ మార్చడు. ముందుకు నడుస్తున్నవాడు చాలా ఫ్రేమ్‌ల పాటు అదే వైపు పట్టుకుని ఉంటాడు, బ్లాక్ చేస్తున్నవాడూ అంతే. "ముందు ఫ్రేమ్‌లో ఉన్నదే ఇప్పుడూ ఉంది" అన్న సాదా ఊహ ఎక్కువ ఫ్రేమ్‌లలో సరిపోతుంది. సరిపోయినప్పుడు వెనక్కి వెళ్లే పనే ఉండదు, తెర మీద ఏమీ కనిపించదు.

ఇప్పుడు మామూలు ప్లేయర్ల మీద డిలే పద్ధతి ప్రభావం ఏమిటో వరుసగా చెబుతాను.

1. కాంబోలు చేతి అలవాటు మీద నడుస్తాయి, చూపు మీద కాదు. ఒక దెబ్బ తర్వాత ఇంకో దెబ్బకు 2 ఫ్రేమ్‌ల అవకాశం ఉంటే, 33 మిల్లీసెకన్లలో బటన్ పడాలి. దాన్ని గంటల తరబడి సాధన చేసి వేళ్లకు ఎక్కించుకుంటాం. పై మ్యాచ్‌లోనే బటన్ సమాచారం మోసే ఒక్క ప్యాకెట్ 50కి బదులు 110 మిల్లీసెకన్లకు వచ్చిందనుకోండి. 100వ ఫ్రేమ్‌లో బయలుదేరింది 106 దాటాక చేరుతుంది. గేమ్‌కు అది 104లోనే కావాలి. లేదు కాబట్టి గేమ్ సుమారు 3 ఫ్రేమ్‌లు ఆగిపోతుంది. గేమ్ ఆగింది కానీ వేలు ఆగలేదు. అలవాటైన లయలోనే నొక్కుతుంది, గేమ్ లెక్కలో అది 3 ఫ్రేమ్‌లు ముందే పడుతుంది. కాంబో తెగుతుంది. ఇంకొన్ని గేమ్‌లు ఆగకుండా ఉండటానికి మ్యాచ్ మధ్యలోనే డిలేను 4 నుంచి 6కు పెంచుతాయి. అప్పుడు అదే బటన్ 2 ఫ్రేమ్‌లు ఆలస్యంగా పడుతుంది. ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఇలాంటిదానికి ఏ సాధనా పనికిరాదు. అదే ప్యాకెట్ రోల్‌బ్యాక్‌లో ఆలస్యమైతే గేమ్ ఊహ మీద నడుస్తూనే ఉంటుంది. కాంబో తింటున్న ప్రత్యర్థి ఏం నొక్కినా అతని పాత్ర మామూలుగా కదలలేదు కాబట్టి, వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కకట్టినా ఫలితం దాదాపు మారదు. కాంబో కొట్టేవాడికి ఏదో జరిగిందన్న సంగతే తెలియదు. మిగతా అన్ని కారణాలూ పక్కన పెట్టినా ఈ ఒక్కటి చాలు మాకు.

2. ప్రాక్టీస్ వృథా అవుతోంది. ప్రాక్టీస్ మోడ్‌లో సున్నా డిలే, ఒక మ్యాచ్‌లో 3, ఇంకో మ్యాచ్‌లో 7. కొత్తగా చేరినవాళ్లు నేర్చుకున్నది పనిచేయకపోతే తమకు చేతకాదనుకుంటారు, గేమ్ వదిలేస్తారు. పాతవాళ్లు కష్టమైన కాంబోలు మానేసి, ఏ డిలేలోనైనా పనిచేసే నాలుగు దెబ్బలతో సరిపెట్టుకుంటారు. మీ డిజైనర్లు అంత శ్రద్ధగా చేసిన పాత్రల్లో సగం ఆన్‌లైన్‌లో ఎవరికీ కనిపించకుండా పోతోంది.

3. పెద్ద నగరాలకు దూరంగా ఉన్నవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. దగ్గర్లో ప్లేయర్లు లేనివాళ్లకు ఆన్‌లైన్ ఒక్కటే దారి. పింగ్ 150 దాటితే డిలే పద్ధతిలో ప్రతి బటన్ 5, 6 ఫ్రేమ్‌లు వెనకబడుతుంది. అలాంటివాళ్లతో మ్యాచ్‌ను ఎవరూ ఒప్పుకోరు. రోల్‌బ్యాక్‌లో ఆ మ్యాచ్ బాగుంటుందని అనను, ఆడదగ్గదిగా ఉంటుంది. ఆడదగ్గ దూరం పెరిగితే ప్రతి ఒక్కరికీ దొరికే ప్రత్యర్థుల సంఖ్య పెరుగుతుంది.

4. ఆన్‌లైన్ టోర్నమెంట్లలో గొడవలు. బొమ్మ ఆగిందంటే తప్పు ఎవరి కనెక్షన్‌ది అని టెన్షన్. డిలే పద్ధతిలో ఒకరి కబురు రాకపోతే రెండో మెషిన్ ఆగుతుంది, అది ఆగితే మొదటిదీ ఆగుతుంది. నిందపడేది మాత్రం ఎక్కువగా అమాయకుడి మీద.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. వాటిలో ఒకటి పూర్తిగా న్యాయమైనదే: రోల్‌బ్యాక్ చేయడం తేలిక కాదు. వెనక్కి వెళ్లాలంటే గేమ్ స్థితి మొత్తాన్ని ప్రతి ఫ్రేమ్‌లో దాచగలగాలి: ఎవరు ఎక్కడున్నారు, ఎంత ప్రాణం మిగిలింది, గాల్లో ఉన్న మంటగోళం ఎక్కడుంది, చివరికి గేమ్ లోపల లాటరీలా తీసే అంకెలు ఎక్కడిదాకా వచ్చాయి అన్నది కూడా. ఒక్కటి మరిచిపోతే రెండు తెరల మీద రెండు వేర్వేరు మ్యాచ్‌లు నడుస్తాయి. 7 ఫ్రేమ్‌లు వెనక్కి వెళితే, ఆ ఏడూ ప్లస్ ఇప్పటిదీ కలిపి 8 ఫ్రేమ్‌ల లెక్క 16 మిల్లీసెకన్లలో తేలాలి. అంటే బొమ్మ గీయడం కాక, ఒక్కో ఫ్రేమ్ లెక్కకు 2 మిల్లీసెకన్లు కూడా లేవు. గేమ్ లెక్కనూ, బొమ్మ గీసే పనినీ ముందునుంచీ విడదీసి రాయకపోతే తర్వాత విప్పడం నరకం. ఈ పని చేసే ప్రోగ్రామర్ల కష్టం మీద మాకు గౌరవం ఉంది.

కానీ కష్టమంటే అసాధ్యమని కాదు. టోనీ క్యానన్ తన రోల్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ జీజీపీఓను 2006లోనే బయటపెట్టారు. 2019లో దాని కోడ్‌ను ఎంఐటీ లైసెన్స్ కింద అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మోర్టల్ కాంబాట్ ఎక్స్ డిలే పద్ధతితో విడుదలై, 2016లో రోల్‌బ్యాక్‌కు మారింది. దాన్ని ఎలా చేశారో, ఆ 8 ఫ్రేమ్‌ల లెక్కను ఎలా కుదించారో ఆ జట్టు ప్రోగ్రామర్ ఒకరు 2018 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో దాపరికం లేకుండా వివరించారు. డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ 2018లో డిలేతో వచ్చి 2024లో రోల్‌బ్యాక్ అందుకుంది. అన్నిటికంటే గట్టి ఉదాహరణ 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ. అసలు ఆన్‌లైనే లేని గేమ్ అది. దానికి 2020లో అభిమానులు ఎమ్యులేటర్ మీద స్లిప్పీ పేరుతో రోల్‌బ్యాక్ చేసి పెట్టారు. సోర్స్ కోడ్ చేతిలో లేని అభిమానులు చేయగలిగినది, కోడ్ మొత్తం చేతిలో ఉన్న మీరు చేయలేరంటే ఎలా నమ్మమంటారు?

రెండో అభ్యంతరం: రోల్‌బ్యాక్‌లో ప్లేయర్లు ఉన్నట్టుండి మాయమై ఇంకోచోట తేలుతున్నారని, తగిలిన దెబ్బ తగలనట్టు మారిపోతోందని. నిజమే, జరుగుతుంది. పై మ్యాచ్‌లోనే చూడండి. రెండో ప్లేయర్ 121లో లేచి బ్లాక్ చేస్తే ఆ కబురు మొదటి ప్లేయర్‌కు 124లో చేరుతుంది. ఈలోపు అతని తెర మీద 122, 123 ఫ్రేమ్‌లలో దెబ్బ తగిలినట్టు మెరుపు కనిపించి, 124లో బ్లాక్‌గా మారుతుంది. ఆ రెండు ఫ్రేమ్‌ల అబద్ధాన్ని కనబడకుండా చేయడానికి దారులున్నాయి. ప్రాణం గీత తగ్గించడం, దెబ్బ శబ్దం, నాకౌట్ సన్నివేశం వంటివి అసలు బటన్లు అందాకే మొదలుపెట్టవచ్చు. బటన్లకు 1 లేదా 2 ఫ్రేమ్‌ల స్థిరమైన డిలే పెట్టుకోవచ్చు. 3 ఫ్రేమ్‌ల ప్రయాణంలో 2 డిలే తీసుకుంటే రోల్‌బ్యాక్ ఒక్క ఫ్రేమే మిగులుతుంది. డిలే తక్కువగా ఉండి ఎప్పటికీ మారకపోతే చేయి దానికి అలవాటు పడుతుంది. మా ఫిర్యాదు మారే డిలే మీద, మితిమీరిన డిలే మీద.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పేరుకు రోల్‌బ్యాక్ పెట్టి చేతులు దులుపుకున్న గేమ్‌లూ ఉన్నాయి. రెండు మెషిన్లూ ఒకే టైమ్‌కు ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి. ఒకటి ఇంకోదానికంటే 3 ఫ్రేమ్‌లు ముందుకు పోయిందనుకోండి. ముందున్నదానికి ఎదుటివాడి కబుర్లన్నీ ఇంకో 3 ఫ్రేమ్‌లు ఆలస్యంగా వచ్చినట్టే, కాబట్టి రోల్‌బ్యాక్ అంతా దాని నెత్తినే పడుతుంది. వెనకున్నవాడికి మ్యాచ్ వెన్నలా సాగుతుంది. ఒకరు ల్యాగ్ అంటారు, ఇంకొకరు అసలేమీ లేదంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 2016లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 5లో ఇదే జరిగింది. 2020 మొదట్లో ఒక ప్లేయర్ పీసీ వెర్షన్‌కు సొంతంగా ప్యాచ్ చేసి చూపించాక సంస్థ కూడా సరిదిద్దింది. ముందున్న మెషిన్ అప్పుడప్పుడు ఒక్క ఫ్రేమ్ ఆగి రెండోదాన్ని కలుపుకోవాలి. మందు అంతే. ఒకే మ్యాచ్‌ను ఇద్దరి తెరల మీదా రికార్డు చేసి పక్కపక్కన పెట్టి చూస్తే ఈ జబ్బు తేలిగ్గా దొరుకుతుంది: ఒకవైపు ప్రత్యర్థి గెంతుతుంటాడు, ఇంకోవైపు ఒక్క కుదుపూ ఉండదు.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. ఇకపై మొదలుపెట్టే ప్రతి ఫైటింగ్ గేమ్‌లో రోల్‌బ్యాక్ మొదటి రోజు నుంచే ప్లాన్‌లో ఉండాలి. విడుదలయ్యాక చూద్దాం అనుకుంటే ఖర్చు పెరిగేది మీకే.

2. ఇప్పుడు డిలే పద్ధతిలో అమ్ముతున్న గేమ్‌లలో దేనికి రోల్‌బ్యాక్ వస్తుందో, దేనికి రాదో తేదీలతో సహా చెప్పండి. రాదని చెప్పినా ఫర్వాలేదు. డబ్బు పెట్టి కొనేవాళ్లకు ముందే తెలియాలి. గేమ్ అమ్మే పేజీలోనే ఏ నెట్‌కోడ్ వాడుతున్నారో రాయండి.

3. మ్యాచ్ ఒప్పుకునే ముందు నాలుగు గీతల సిగ్నల్ బొమ్మ కాకుండా పింగ్ అంకెలో చూపండి, ఎదుటివాళ్లు వైర్ మీద ఉన్నారా వైఫై మీద ఉన్నారా చూపండి. సగటు పింగ్ 40 ఉన్నా మధ్యమధ్యలో 120కి ఎగిరే వైఫై కంటే, నిలకడగా 90 ఉన్న వైర్ మేలు. నాలుగు గీతలు ఆ తేడా చెప్పవు. మ్యాచ్ నడుస్తుండగా డిలే ఎంత, రోల్‌బ్యాక్ ఎన్ని ఫ్రేమ్‌లు అన్నది తెర మూలన చూసుకునే వీలు ఇవ్వండి.

4. బటన్ డిలే ఎంత ఉండాలో ప్లేయర్‌నే ఎంచుకోనివ్వండి. అదే డిలేతో ప్రాక్టీస్ మోడ్‌లో సాధన చేసుకునే ఏర్పాటూ పెట్టండి.

5. విడుదలకు ముందు టెస్టింగ్ ఆఫీసులోని ఒకే నెట్‌వర్క్ మీద ఆపేయకండి. 100, 150 మిల్లీసెకన్ల పింగ్‌ను కృత్రిమంగా పెట్టి, మధ్యలో ప్యాకెట్లు పడేసి, రెండు తెరలనూ పక్కపక్కన రికార్డు చేసి చూడండి. ప్యాకెట్ పోయినా గేమ్ తట్టుకోవడానికి, అందినట్టు జవాబు రాని పాత బటన్లన్నిటినీ ప్రతి కొత్త ప్యాకెట్‌లో మళ్లీ పంపితే చాలు. అవి చాలా చిన్నవి కాబట్టి భారం ఉండదు.

6. సపోర్ట్ విభాగంలో పనిచేసేవాళ్లకు ఈ తేడా నేర్పండి. ఫిర్యాదు చేసినవాళ్లను రూటర్ దగ్గరికి పంపే ముందు డిలే ఎంత ఉంది, మ్యాచ్‌లో ఎన్నిసార్లు ఆగింది, ఇద్దరిలో ఎవరి వైపు ఆగింది అని అడగమనండి. ఆ వివరాలతో మా దగ్గర ఉన్న రికార్డింగులన్నీ పంపడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఎవరికి పంపాలో చెప్పండి.

ఇట్లు,
మీ గేమ్‌లు ఆడే ప్లేయర్ల తరఫున ఒక ప్లేయర్